వీడియో డిస్క్రిప్షన్‌లో ప్రశ్న, జవాబు

యూట్యూబ్ వీడియో కింద ఉండే డిస్క్రిప్షన్‌లో రెండు మూడు చిన్న ప్రశ్నలు, వాటికి ఒకటి రెండు వాక్యాల జవాబులు చేర్చడం కొన్నేళ్లుగా చాలామంది పాటిస్తున్న పద్ధతి. సెర్చ్‌లో విషయం పేరు కాకుండా ప్రశ్నే టైప్ చేసేవారికి ఆ వీడియో కనిపించాలన్నది దీని ఉద్దేశం. ఈ పద్ధతి పని చేస్తుందా, చేస్తే ఎంతవరకు, తెలుగులో రాసేటప్పుడు ఏ ఇబ్బందులు వస్తాయి అన్నవి పరిశీలించడానికి ఆవకాయ వీడియోను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆవకాయ గురించి తెలుగువారు అడగని ప్రశ్న లేదు, ఒకే ప్రశ్నను పది రకాలుగా అడగడమూ ఉంది.

ఒక వంటల ఛానెల్‌లో తొమ్మిది నిమిషాల వీడియో ఉందనుకుంటే, దాని టైటిల్ సాధారణంగా ‘పక్కా కొలతలతో ఆవకాయ’ అన్న ధోరణిలో ఉంటుంది. ముక్కలు కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు కలపడం, నూనె పోయడం, మూడో రోజు తిరగకలపడం అన్నీ అందులో ఉంటాయి. జాడీలో బూజు ఎందుకు పడుతుందో చెప్పే మాటలు కూడా ఏడో నిమిషంలో ఎక్కడో ఉంటాయి. అయితే పచ్చడి పెట్టిన రెండు నెలలకు జాడీ మూత తీసి తెల్లటి పొర చూసిన మనిషి ‘పక్కా కొలతలతో ఆవకాయ’ అని వెతకదు. ‘ఆవకాయ బూజు ఎందుకు పడుతుంది’ అని వెతుకుతుంది. జవాబు ఆ వీడియోలోనే ఉన్నా, టైటిల్‌లో గానీ డిస్క్రిప్షన్‌లో గానీ బూజు అన్న మాట లేకపోతే ఆమెను అక్కడికి చేర్చే ఆధారం చాలా పలచబడిపోతుంది. డిస్క్రిప్షన్‌లో చేర్చే ప్రశ్న పూరించాల్సింది ఈ ఖాళీనే. వీడియో లోపల ఉండి టైటిల్‌లోకి ఎక్కని విషయాన్ని, వెతికేవారి మాటల్లో బయట పెట్టడమే దాని పని.

ప్రశ్నల రూపంలో వెతకడం పెరిగిన కొద్దీ సెర్చ్ యంత్రాలూ మారాయి. గూగుల్ 2013లో తెచ్చిన హమ్మింగ్‌బర్డ్ మార్పుతో విడివిడి మాటలను కాక మొత్తం ప్రశ్న భావాన్ని పట్టుకునే ప్రయత్నం మొదలైంది. 2019 అక్టోబరులో బెర్ట్ అనే భాషా నమూనాను మొదట ఇంగ్లిష్‌కు, అదే ఏడాది డిసెంబరులో డెబ్బైకి పైగా భాషలకు వర్తింపజేశారు. వాటిలో తెలుగూ ఉంది. ఈ పరిణామం తర్వాత వినిపించే వాదన ఒకటుంది. యంత్రం భావాన్నే అర్థం చేసుకుంటున్నప్పుడు ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా రాయడం ఎందుకన్నది ఆ వాదన. ఇందులో సగం నిజముంది. ‘బూజు పడుతుంది’, ‘బూజు పట్టింది’, ‘బూజు వస్తుంది’ అని మూడు ప్రశ్నలు రాయాల్సిన పని ఇప్పుడు లేదు. ఒక్క రూపం చాలు. కానీ ఆ భావమే డిస్క్రిప్షన్‌లో ఎక్కడా లేకపోతే అర్థం చేసుకోవడానికి యంత్రానికి అసలు పాఠమే ఉండదు కదా. అందుకే ప్రశ్నను చేర్చడం వ్యర్థం కాలేదు. ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి రాయడమే వ్యర్థమైంది.

డిస్క్రిప్షన్‌కు ఎంత బలం ఉందన్న విషయంలో యూట్యూబ్ చెప్పే మాటలు పరిమితంగానే ఉన్నా స్పష్టంగా ఉన్నాయి. సెర్చ్‌లో వీడియోల వరస నిర్ణయించేటప్పుడు వెతికిన మాటలకు టైటిల్, ట్యాగ్‌లు, డిస్క్రిప్షన్, వీడియోలోని విషయం ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తామని, దానితోపాటు ప్రేక్షకులు ఆ వీడియోను ఎంత ఆదరిస్తున్నారో, ఆ విషయంలో ఆ ఛానెల్ ఎంత నమ్మదగినదో చూస్తామని అది చెబుతుంది. ట్యాగ్‌ల పాత్ర చాలా తక్కువని, తరచూ అక్షరదోషాలతో టైప్ చేసే పేర్లకు తప్ప పెద్దగా పనికిరావని కూడా ఆ సంస్థే చెబుతుంది. ప్రతి వీడియోకూ దానిదైన డిస్క్రిప్షన్ ఉండాలని, ముఖ్యమైన ఒకటి రెండు మాటలు టైటిల్‌లోనూ డిస్క్రిప్షన్‌లోనూ ప్రముఖంగా ఉండాలని, సంబంధం లేని మాటలు వద్దని సలహా ఇస్తుంది. దీన్నిబట్టి తేలేదేమిటంటే, డిస్క్రిప్షన్‌లోని ప్రశ్న వీడియోను పోటీలో నిలబెట్టగలదు, గెలిపించలేదు. ‘ఆవకాయ బూజు’ మీదే టైటిల్ పెట్టి చేసిన మంచి వీడియో మరొకటి ఉంటే దాని ముందు ఇది నిలవదు. అలాంటి వీడియో లేని ప్రశ్నల దగ్గరే ఈ పద్ధతి ఎక్కువగా ఫలిస్తుంది. తెలుగులో అలాంటి ప్రశ్నలు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. వెబ్‌సైట్లు వాడే ‘ఎఫ్‌ఏక్యూ’ స్కీమా అనే కోడ్‌కు, డిస్క్రిప్షన్‌లోని ప్రశ్నకు సంబంధం లేదు. ఆ కోడ్ ఉన్న పేజీలకు గూగుల్ 2019 నుంచి సెర్చ్ ఫలితాల కిందే ప్రశ్నల వరస చూపించేది. 2023 ఆగస్టులో ఆ సౌకర్యాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో అలాంటి కోడ్ అతికించినా అది మామూలు రాతగానే మిగులుతుంది. పైగా `<`, `>` గుర్తులను డిస్క్రిప్షన్ అసలే ఒప్పుకోదు. ఇక్కడ పనిచేసేది మనుషులు చదివే వాక్యం మాత్రమే.

ప్రశ్నలు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే ఈ పద్ధతికి ప్రాణం. ఊహించి రాసిన ప్రశ్న దాదాపు ఎప్పుడూ రాసినవారి ప్రశ్నే అవుతుంది. ‘ఆవకాయ తయారీలో పాటించాల్సిన జాగ్రత్తలు ఏమిటి?’ అని వంటింట్లో ఎవరూ టైప్ చేయరు. నమ్మదగిన వనరులు మూడు. మొదటిది సెర్చ్ పెట్టె ఇచ్చే సూచనలు. పాత వెతుకులాటల ప్రభావం పడకుండా ప్రైవేట్ విండో తెరిచి ‘ఆవకాయ ఎ’ అని, ‘ఆవకాయ చే’ అని అక్షరం అక్షరం టైప్ చేస్తే జనం వెతికే మాటలు కింద వరసగా వస్తాయి. తెలుగు ప్రశ్నలో ‘ఎందుకు’, ‘ఎలా’, ‘ఎన్ని’ అన్న మాటలు వాక్యం మధ్యలో వస్తాయి కాబట్టి విషయం పేరు ముందు కొట్టి, ఆ తర్వాత ప్రశ్న మాట మొదటి అక్షరం కొట్టాలి. రెండోది యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ మూలాల కింద కనిపించే సెర్చ్ మాటల పట్టిక. ఆ వీడియోకు ఇప్పటికే ప్రేక్షకులు ఏ మాటలతో వచ్చారో అది చూపుతుంది. మూడోది కామెంట్లు. ఆవకాయ వీడియోల కింద ‘చేదు వచ్చింది, ఏం చేయాలండీ’, ‘ముక్క మెత్తబడిపోయింది ఎందుకు’ అన్నవి ఏటా తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి. ఈ మూడు చోట్లా కనిపించిన ప్రశ్నకు మొదటి స్థానం ఇవ్వాలి.

పోగైన ప్రశ్నలను జల్లెడ పట్టడానికి ఒకటే నియమం సరిపోతుంది: జవాబు ఆ వీడియోలో ఉండాలి. ‘ఆవకాయ తింటే బరువు పెరుగుతారా’ అని ఎంతమంది వెతికినా, వీడియోలో ఆ ఊసు లేకపోతే ఆ ప్రశ్న డిస్క్రిప్షన్‌లో ఉండకూడదు. వచ్చినవారు రెండు నిమిషాలు వెతికి వెళ్లిపోతారు. వాళ్లు అలా వెళ్లిపోవడం సెర్చ్‌లో ఆ వీడియోకు చెడే చేస్తుంది. సంబంధం లేని మాటలతో దారి తప్పించడం యూట్యూబ్ నిబంధనలకూ విరుద్ధం.

జల్లెడలో నిలిచిన ప్రశ్నలతో ఆవకాయ డిస్క్రిప్షన్ ఇలా రూపుదిద్దుకుంటుంది. ముందు రెండు వాక్యాల్లో వీడియో ఏమిటో చెప్పాలి. డిస్క్రిప్షన్ విప్పకముందు కనిపించేది ఆ కాస్తే కాబట్టి అక్కడ ప్రశ్నలు పెట్టకూడదు. ఆ తర్వాత కొలతలు, వాటి కింద ప్రశ్నలు.

ప్ర: ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది?
జ: ముక్కకు గానీ జాడీకి గానీ తడి తగిలినా, ఉప్పు తగ్గినా, పైన నూనె తేలకపోయినా బూజు పడుతుంది. మూడో రోజు తిరగకలిపాక పచ్చడి నూనెలో మునిగి ఉండాలి.

ప్ర: ఆవకాయ చేదు ఎందుకు వచ్చింది?
జ: ఆవపిండి ఎక్కువైనా, వేయించిన మెంతులు మాడినా మామిడికాయ పచ్చడి చేదెక్కుతుంది. కొత్త పచ్చడిలో ఆవ ఘాటు వల్ల వచ్చే కొద్దిపాటి చేదు ఊరే కొద్దీ తగ్గుతుంది.

ఈ నాలుగు జవాబు వాక్యాల్లో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. జవాబు మొదటి వాక్యంలోనే పూర్తవుతుంది. ‘ఇది చాలామందికి వచ్చే సందేహం’ అన్న ఉపోద్ఘాతం గానీ, ‘పూర్తి వివరాలకు వీడియో చూడండి’ అన్న దాటవేత గానీ లేదు. జవాబు దాచిపెడితే వీడియో చూస్తారన్న లెక్క తప్పు. డిస్క్రిప్షన్ చదివేసరికి వీడియో ఎలాగూ తెరిచే ఉంటుంది. విడిగా తీసి చదివినా అర్థమయ్యేలా ప్రశ్నలో ‘ఆవకాయ’ అన్న పేరు ఉంది. ‘ఇది చేదు ఎందుకు వచ్చింది’ అని రాస్తే ఆ ప్రశ్న దేని గురించో చెప్పలేం. ఇక ప్రశ్నలో ‘ఆవకాయ’ అని, జవాబులో ‘మామిడికాయ పచ్చడి’ అని రావడం కావాలని చేసిన పని. ఒకే వస్తువుకు జనంలో ఉన్న రెండో పేరును దూర్చడానికి జవాబు వాక్యమే సహజమైన చోటు. తెలంగాణలో మామిడికాయ తొక్కు అంటారు. ఆ ప్రాంతపు ప్రేక్షకులు ఎక్కువగా ఉన్న ఛానెల్ మూడో జవాబులో ఆ మాట వాడితే సరిపోతుంది. ‘ఎలా పెట్టాలి’, ‘ఎట్ల పెట్టాలె’ అన్న యాస భేదాన్ని మాత్రం రెండు ప్రశ్నలుగా విడదీయకుండా, ఛానెల్‌లో మాట్లాడే మనిషి ఏ యాసలో మాట్లాడితే అందులోనే ఒక్కసారి రాయడం మేలు.

తెలుగులో రాసేవారికి చోటు సమస్య ఇంగ్లిష్‌లో రాసేవారికంటే ఎక్కువ. రాసే పెట్టె దగ్గర 5000 అక్షరాల హద్దు కనిపిస్తుంది. ప్రోగ్రాముల ద్వారా వీడియోలు ఎక్కించేవారికి యూట్యూబ్ ఇచ్చిన సాంకేతిక పత్రాల్లో మాత్రం ఆ హద్దు 5000 బైట్లని ఉంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే తెలుగు అక్షరం మూడు తీసుకుంటుంది. గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు కూడా విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘ఎందుకు’ అన్న మాటలో ఎ, సున్న, ద, కొమ్ము, క, కొమ్ము కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. `enduku` అని రాస్తే ఆరే. పైన రాసిన బూజు ప్రశ్న ఒక్కటే ఖాళీలు, ప్రశ్నార్థకంతో కలిపి 79 బైట్లు. బైట్ల హద్దులో మొత్తం డిస్క్రిప్షన్‌కు తెలుగు మాటలు సుమారు రెండు వందలే పడతాయి. మూడు ప్రశ్నలూ జవాబులూ కలిపి తొంభై మాటలైతే సగానికి దగ్గరగా చోటు పోయినట్టే. కొలతలకు, చాప్టర్లకు, లింకులకు మిగతా సగం కావాలి. అందుకే ఆరేడు ప్రశ్నలు రాయమనే ఇంగ్లిష్ సలహాలను తెలుగు డిస్క్రిప్షన్‌కు యథాతథంగా తెచ్చుకోకూడదు. రెండు మంచివి, చోటుంటే మూడోది చాలు.

తెలుగు ప్రశ్నల్లో పెద్ద భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ అవుతుంది. `avakaya booju enduku padutundi` అని ఒకరు కొడితే, మరొకరు `endhuku` అని, ఇంకొకరు `buju` అని కొడతారు. ఈ రూపాలన్నీ డిస్క్రిప్షన్‌లో పేర్చడం మొదలుపెడితే అది అర్థంలేని మాటల కుప్ప అవుతుంది, ఆ కుప్పను యూట్యూబ్ స్పామ్‌గానే చూస్తుంది. దీనికి పద్ధతైన దారి ఒకటుంది. ప్రశ్న తెలుగు లిపిలో రాసి, మొత్తం డిస్క్రిప్షన్‌లో ఒకే ఒక్క చోట, ఎక్కువమంది వాడే ఒకే రూపంలో ఇంగ్లిష్ అక్షరాల ప్రశ్న కూడా ఇవ్వాలి. అది 30 బైట్లు మాత్రమే. మిగిలిన అక్షరభేదాల కోసం ట్యాగ్‌ల పెట్టె ఉంది. ట్యాగ్‌లు పనికొస్తాయని సంస్థే చెప్పిన సందర్భం ఇలాంటి తప్పు రాతలొక్కటే. తెలుగు మాట్లాడినా చదవలేని, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగిన పిల్లలకు ఇంగ్లిష్ ప్రశ్నలు కావాలంటే టైటిల్, డిస్క్రిప్షన్‌లకు వేరే భాషలో అనువాదం చేర్చే సౌకర్యం స్టూడియోలో ఉంది. అక్కడ రాస్తే తెలుగు చోటు తగ్గదు, రెండు భాషలూ ఒకదానిలో ఒకటి చిక్కుకోవు.

ప్రశ్న పక్కన టైమ్‌స్టాంప్ పెట్టడం దగ్గర చాలామంది దెబ్బతింటారు. డిస్క్రిప్షన్‌లో సమయాలు రాస్తే వీడియో చాప్టర్లుగా విడిపోతుంది. దానికి షరతులు మూడు: మొదటి సమయం `0:00` కావాలి, కనీసం మూడు సమయాలు ఆరోహణ క్రమంలో ఉండాలి, ఒక్కో చాప్టర్ పది సెకన్లకు తగ్గకూడదు. చాప్టర్ల వరస రాసి, దాని కింద ప్రశ్నల్లో మళ్లీ `6:40`, `3:15` అని వెనక్కీ ముందుకీ సమయాలు ఇస్తే ఆ క్రమం చెడుతుంది. నిన్నటిదాకా కనిపించిన చాప్టర్లు ప్రశ్నలు చేర్చాక మాయమయ్యాయంటే ముందు చూడాల్సింది ఇదే. దీనికి తేలికైన మందు, ప్రశ్ననే చాప్టర్ పేరుగా పెట్టడం:

```
0:00 ఆవకాయ కొలతలు
2:10 ముక్కలు ఎలా కొట్టాలి?
4:05 కారం, ఆవపిండి కలపడం
6:40 ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది?
8:00 మూడో రోజు తిరగకలపడం
```

ఇలా చేస్తే ప్రశ్న రెండు పనులు చేస్తుంది. వెతికినవారికి మాట దొరుకుతుంది, వచ్చినవారు నేరుగా ఆ నిమిషానికే వెళ్లగలుగుతారు. గూగుల్ సెర్చ్‌లో వీడియో కింద ముఖ్య ఘట్టాలు కనిపించే సందర్భాల్లోనూ ఈ పేర్లు పనికొస్తాయి. కింది ప్రశ్నల భాగంలో అప్పుడు సమయాలు అక్కర్లేదు. చోటు మరీ ఇరుకైతే ప్రశ్నల భాగం తీసేసి చాప్టర్ పేర్లతోనే సరిపెట్టుకోవచ్చు. నిజానికి వంటల వీడియోలకు ఈ రెండో దారే చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు నకలు. ఒకసారి రాసిన మూడు ప్రశ్నలను అప్‌లోడ్ డిఫాల్ట్స్‌లో పెట్టేస్తే ఆవకాయ కిందా, మాగాయ కిందా, గోంగూర పచ్చడి కిందా అవే వస్తాయి. అప్పుడు ఏ ప్రశ్నకు ఏ వీడియో జవాబో చెప్పే ఆధారమే పోతుంది. ఒక ఛానెల్‌లోని వీడియోలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. బూజు ప్రశ్న ఎన్ని పచ్చళ్లకు వర్తించినా, దాన్ని అత్యంత వివరంగా చూపించిన వీడియో కిందే ఉంచి, మిగతా వాటి నుంచి ఆ వీడియోకు లింకు ఇవ్వడం సరైన పని.

ఫలితం కొలవడంలో ఆవకాయ మరో పాఠం నేర్పుతుంది. మార్చిలో డిస్క్రిప్షన్ మార్చి, మేలో సెర్చ్ ద్వారా వచ్చినవారు రెట్టింపయ్యారని సంబరపడితే అది పచ్చళ్ల కాలం ఇచ్చిన పెరుగుదల కావచ్చు. పచ్చి మామిడికాయ బజారులోకి రాగానే ప్రతి ఆవకాయ వీడియోకూ చూసేవారు పెరుగుతారు. అందుకే పాత వీడియోకు ఫిబ్రవరిలోనే ప్రశ్నలు చేర్చి, ఏప్రిల్, మే నెలలను నిరుటి ఏప్రిల్, మేలతో పోల్చాలి. దానికి తోడుగా అదే కాలంలో పెట్టే మాగాయ వీడియోను ముట్టుకోకుండా వదిలేయాలి. రెండూ ఒకే మోతాదులో పెరిగితే పెరిగింది కాలం వల్లే. ఆవకాయ మాత్రమే ఎక్కువ పెరిగితే అప్పుడు సెర్చ్ మాటల పట్టిక తెరిచి బూజు, చేదు అన్న మాటలు కొత్తగా చేరాయో లేదో చూడాలి. మొత్తం వ్యూస్ కాదు, ఆ మాటలే అసలు సాక్ష్యం. అవి చేరకుండా వ్యూస్ పెరిగితే ఆ ఘనత ప్రశ్నలది కాదు.

పట్టికలో ఆ మాట పక్కనే సగటున ఎంతసేపు చూశారో కూడా ఉంటుంది. బూజు ప్రశ్నతో వచ్చినవారు అర నిమిషంలో వెళ్లిపోతున్నారంటే జవాబు వారికి అందలేదన్నమాట. చాప్టర్ లేకపోవడమో, వీడియోలో ఆ విషయాన్ని ఒక్క మాటతో దాటేయడమో కారణం అయి ఉంటుంది. మొదటిది డిస్క్రిప్షన్‌లో సరిదిద్దవచ్చు. రెండోది సరిదిద్దాలంటే డిస్క్రిప్షన్ చాలదు. అలాగే, తొమ్మిది నిమిషాల వీడియోకు టైటిల్‌లోని మాటతో వచ్చేవారికంటే బూజు ప్రశ్నతో వచ్చేవారే ఎక్కువైతే, ఆ ప్రశ్న డిస్క్రిప్షన్‌లో పట్టేంత చిన్నది కాదని అర్థం. అప్పుడు బూజు పట్టిన జాడీని దగ్గరగా చూపిస్తూ, తడి, ఉప్పు, నూనె మూడింటినీ విడివిడిగా వివరిస్తూ, ఆ ప్రశ్ననే టైటిల్‌గా పెట్టి మూడు నిమిషాల వేరే వీడియో చేయాలి. పాత డిస్క్రిప్షన్‌లో ఆ ప్రశ్న ఉన్న చోట కొత్త వీడియో లింకు పెట్టి, పట్టికలో తర్వాత నిలిచిన ప్రశ్నను అక్కడికి తేవాలి.